రాత్రి గోలీ, పొద్దున బండి



మా ఖాలా కొడుకు జమ్మలమడుగు పక్కన ఒక నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని చేస్తాడు. ఇల్లు ప్రొద్దుటూరులో. రోజూ బైకు మీద పోయి వస్తాడు. రాతి దుమ్ముకు వాడికి ఏడాదిలో సగం రోజులు ముక్కు కారుతూనే ఉంటుంది. పోయిన చలికాలం ఒక వలీమా దావత్ తిని రాత్రి పదకొండున్నరకు ఇంటికొచ్చాడు. తుమ్ములు ఆగకపోతే మెడికల్ షాపువాళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చిన చిన్న గోలీ మింగి పడుకున్నాడు. ఫజర్‌కు లేచాడు, నమాజ్ చదివాడు, ఆరున్నరకు బండి తీశాడు. దారిలో ఏమీ కాలేదు. ఎనిమిది గంటలప్పుడు మిషన్ కిందికి రాయి తోస్తుంటే, చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. గ్లౌజు చిరిగింది. పక్కనున్న సాథీ స్విచ్ ఆపాడు కాబట్టి వేలి చివర నాలుగు కుట్లతో సరిపోయింది, అల్‌హమ్దులిల్లాహ్.

"నీంద్ వచ్చిందా బేటా?" అని అడిగితే, "లేదు భాయ్, హుషారుగానే ఉన్నా. నీంద్ రాత్రే అయిపోయింది కదా" అన్నాడు.

ఆ మాట విని నాకు సిగ్గేసింది. పదిహేనేళ్ళు ప్రొద్దుటూరులో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి నేను. "ఇది నీంద్ వచ్చే గోలీ, రాత్రి పూట వేసుకోండి" అని ఎన్ని వందల మందికి చెప్పానో అందాజా లేదు. పొద్దున మీరేం పని చేస్తారు అని మాత్రం ఎవర్నీ అడగలేదు.

వాడు మింగింది క్లోర్‌ఫెనిరమైన్, షాపుల్లో సీపీఎం అంటాం. 4 మిల్లీగ్రాముల గోలీ. జుకామ్‌కు ఇచ్చే కలిపిన గోలీల్లో, దగ్గు సిరప్పుల్లో చాలావాటిలో ఇదే ఉంటుంది. దీన్ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి వేసుకోవచ్చని రాసి ఉంటుంది. దాంతో మనం ఆరు గంటల్లో దవా ఖతమ్ అయిపోతుందనుకుంటాం. అసలు గలతీ ఇక్కడే. మళ్ళీ ఎప్పుడు వేసుకోవచ్చు అన్నది వేరే లెక్క, ఒంట్లోంచి ఎప్పుడు పోతుంది అన్నది వేరే లెక్క. పెద్దవాళ్ళ నెత్తుట్లో ఈ దవా సగానికి తగ్గడానికే దాదాపు 20 గంటలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. అంటే రాత్రి పదకొండున్నరకు మింగినవాడు ఆరున్నరకు బండెక్కితే, నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా దవా ఇంకా వాడితోనే ప్రయాణం చేస్తోంది.

హిస్టమిన్ అనేది ముక్కులో తుమ్ము పుట్టిస్తుంది, దిమాగ్‌లో మనిషిని మెలకువగా ఉంచుతుంది. ఈ పాతరకం గోలీలు దిమాగ్‌లోకి కూడా దూరి రెండుచోట్లా దాన్ని అడ్డుకుంటాయి. నీంద్ తీరిపోయాక కూడా ఆ అడ్డు పూర్తిగా తొలగదు. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ చూసినదానికి చెయ్యి, కాలు కదలడం ఆలస్యమవుతుంది. దీన్ని నీంద్ అనడం కన్నా గఫ్లత్ అనడం సబబు. గఫ్లత్‌లో ఉన్నవాడికి తను గఫ్లత్‌లో ఉన్నానని తెలీదు కదా!

ఇది నా ఖయాల్ మాత్రమే కాదు. అమెరికాలో అయోవా యూనివర్సిటీవాళ్ళు 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించారు, 2000లో అచ్చయింది. ఒకసారి శరాబ్ ఇచ్చారు, ఇంకోసారి డైఫెన్‌హైడ్రమైన్ అనే ఇదే జాతి పాతరకం దవా 50 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఆ దవా తీసుకున్నప్పుడు శరాబ్ తాగినప్పటికన్నా అధ్వాన్నంగా నడిపారు. "నాకు ఇంత మత్తుగా ఉంది" అని వాళ్ళు చెప్పినదానికీ, నడిపిన తీరుకూ పెద్దగా పొంతన కుదరలేదు. మనం శరాబ్ ముట్టం, ముట్టినవాడి బండి ఎక్కం. మరి ఈ గోలీ మింగినవాడి బండి వెనక బేటీని కూర్చోబెట్టి కాలేజీకి పంపుతాం.

"అయితే పెందలాడే వేసుకుంటే సరిపోతుందా?" అని అడుగుతారు. కొంతే. అదే సీపీఎంను ఎనిమిదింటికి వేసుకున్నా, ఆరున్నరకు మూడింట రెండు వంతులకు పైనే మిగులుతుంది. సెటిరిజిన్ అయితే దాదాపు ఎనిమిది గంటల్లో సగమవుతుంది కాబట్టి మగ్రిబ్ తర్వాత వేసుకోవడానికీ, అర్ధరాత్రి వేసుకోవడానికీ తేడా కనిపిస్తుంది. కానీ దానికి కూడా పది మందిలో ఒకరిద్దరు మత్తుగా ఉంటారు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలో అది ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి టైము జరపడం కన్నా గోలీ మార్చడం మేలు. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ లాంటివి దిమాగ్‌లోకి దాదాపు పోవు. దుమ్ము ఎలర్జీకి, దద్దుర్లకు ఇవి బాగా పనిచేస్తాయి. ఫెక్సోఫెనడిన్‌ను నీళ్ళతోనే వేసుకోవాలి. నారింజ, ఆపిల్ రసాలతో వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. పులివెందులవాళ్ళు చీనీ రసాన్ని కూడా ఆ గోలీకి దూరంగా పెడితేనే మంచిది.

ఒక మాట దాచకూడదు. మామూలు పడిశానికి ఈ కొత్త గోలీలు పెద్దగా పనిచేయవు. కారే ముక్కును ఆరబెట్టేది పాతరకమే. అదే గుణం నోటినీ ఎండబెడుతుంది. పొద్దున లేచాక నాలుక అతుక్కుపోతుంటే దవా ఇంకా దిగలేదని గుర్తు. నోరు తడిగా ఉన్నంత మాత్రాన దిగిపోయిందని యకీన్ పెట్టుకోవద్దు. మొదటిసారి వేసుకునే గోలీని మరుసటి రోజు సెలవు ఉన్న రాత్రే వేసుకోవాలి. మొదటి రెండు మూడు రోజులే మత్తు ఎక్కువ.

పులివెందుల నుంచి అరటి లోడు తీసుకుపోయే ఒక డ్రైవర్ సాబ్ నాకు పాత గిరాకీ. రాత్రంతా బండి నడిపి పగలు పడుకుంటాడు. ఆయనకు కూడా నేను "రాత్రి వేసుకో" అనే చెప్పేవాణ్ణి! రంజాన్‌లో ఇంకో గలతీ జరుగుతుంది. రోజా ఉంటాం కాబట్టి సెహ్రీలో గోలీ మింగుతాం. అది రెండు మూడు గంటల్లో ఒంట్లో పైకెక్కుతుంది, అంటే సరిగ్గా బండి తీసే వేళకు. వేసుకోక తప్పకపోతే ఇఫ్తార్ అయిన వెంటనే వేసుకోవాలి. అది కూడా తరావీహ్‌కు నడిచి పోయేవాళ్ళయితేనే. డాక్టర్ రాసిన దవాను మాత్రం ఇది చదివి ఆపొద్దు, మీ పని చెప్పి మార్చమని అడగండి.

షాపు భాయ్‌లతో నాకు షికాయత్ ఉంది. స్ట్రిప్ కత్తిరించి రెండు గోలీలు చేతిలో పెడతారు. దాని మీద అచ్చయిన పేరు, జాగ్రత్త అన్నీ కత్తెర అవతలే ఉండిపోతాయి. పేరు తెలియక ఇంట్లో అమ్మీ అదే రాత్రి దగ్గు సిరప్ కూడా పోస్తుంది, అందులోనూ సీపీఎమ్మే. వయసు మళ్ళినవాళ్ళు తహజ్జుద్‌కు లేచి బాత్రూమ్‌లో తూలి పడేది ఇలాంటి రాత్రులే. కత్తిరించినా సరే, కాగితం మీద పేరు రాసివ్వమని అడగండి.

మా ఖాలా కొడుకు ఇప్పుడు ఫెక్సోఫెనడిన్ వాడుతున్నాడు. మాస్క్ కూడా కట్టుకుంటున్నాడు. వేలు వంగుతుంది కానీ, చివర స్పర్శ ఇంకా రాలేదంట.