ఒక్క అక్షరంలో అర్థం, కాలం, మర్యాద

సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వీరిలో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన నేత కార్మికులు. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలుగు వీధి భాషగానే వినిపిస్తుంది. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇలాంటి చోట ఆరోగ్య సమాచారం సాధారణంగా ఇంగ్లీషులో తయారై, గుజరాతీ లేదా హిందీ మీదుగా తెలుగు ఇంటికి చేరుతుంది. అలా చేరిన వాక్యం సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చాలి? మనం వాడుతున్న పరీక్షలు ఇందుకు చాలవని నా అభిప్రాయం. ఒక చిన్న సందేశాన్ని తీసుకుని చూద్దాం.

క్షయ వ్యాధికి మందులు వాడుతున్న ఒక మహిళ ఉన్నారనుకుందాం. సాధారణ క్షయకు ఆరు నెలలపాటు రోజూ మందు వేసుకోవాలి, మధ్యలో మానకూడదు. ఆరోగ్య కార్యకర్త ఆమె కొడుకుకు ఫోన్‌లో ఒక సందేశం పంపాలి. ఇంగ్లీషులో అది ఇలా ఉంది: "యువర్ మదర్ హాజ్ నాట్ టేకెన్ హర్ టాబ్లెట్. వియ్ విల్ విజిట్ యు టుమారో." దానికి వచ్చిన తెలుగు ఇది: "మీ అమ్మ మాత్ర తీసుకోలేదు. మనం రేపు మిమ్మల్ని సందర్శిస్తాం."

మొదటి చూపులో పెద్ద తప్పేమీ కనిపించదు. ఇప్పుడు దీన్ని మగ్గం దగ్గర నిలబడి చదివే కొడుకు స్థానంలో ఉండి చూడండి. "తీసుకోలేదు" అంటే ఆసుపత్రికి వెళ్లి మాత్రలు తెచ్చుకోలేదనా, తెచ్చుకున్నవి మింగలేదనా? తెలుగులో రెండూ అవుతాయి. మొదటిదైతే అతను ఆసుపత్రికి పరుగెత్తాలి, రెండోదైతే ఇంటికి ఫోన్ చేయాలి. మనం మాట్లాడేటప్పుడు మాత్ర "వేసుకుంటాం", లేదా గోలి "వేసుకుంటాం". ఆ మాట వాడితే ఈ చిక్కు పోతుంది. అర్థం విషయంలో ఇది మొదటి మెట్టు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. "మీ అమ్మ మాత్ర వేసుకోలేదు" అని మార్చాం. "ఆమె నిన్న రాలేదు" అన్నప్పుడు "లేదు" జరగని పనిని చెబుతుంది. "ఆమె నడవలేదు, కాళ్లనొప్పులు" అన్నప్పుడు అదే "లేదు" చేతకాని పనిని చెబుతుంది. కాబట్టి "అమ్మ మాత్ర వేసుకోలేదు" అన్నదానికి ఆమె వేసుకోవడం మరచిపోయిందనీ అనుకోవచ్చు, గొంతు దిగక వేసుకోలేకపోతోందనీ అనుకోవచ్చు. మొదటిదానికి గుర్తుచేయడం చాలు. రెండోదానికి వైద్యుడిని కలవాలి.

మనుషుల విషయంలో ఇది స్త్రీల గురించి ఏకవచనంలో మాట్లాడినప్పుడు వచ్చే ఇబ్బంది. పురుషుడైతే జరగని పనికి "వేసుకోలేదు", చేతకానిదానికి "వేసుకోలేడు" అని విడిపోతుంది. గౌరవంగా చెప్పినా అలాగే విడిపోతుంది: "అమ్మగారు వేసుకోలేదు" అంటే జరగలేదు, "అమ్మగారు వేసుకోలేరు" అంటే ఆమె వల్ల కాదు. తేడా ఒక్క అక్షరం. ఇక్కడ మర్యాద పైపై అలంకారం కాదు, అర్థాన్ని విడదీసి చూపే పని కూడా అదే చేస్తోంది.

కాలం సంగతి కూడా ఈ "లేదు"లోనే ఉంది. "ఇప్పటిదాకా వేసుకోలేదు, ఇంకా వ్యవధి ఉంది" అన్న భావాన్నీ, "ఆ రోజు వేసుకోలేదు, అది అయిపోయింది" అన్న భావాన్నీ తెలుగు ఒకే రూపంతో చెబుతుంది. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు క్రియారూపాలు ఉన్నాయి. తెలుగులో "ఇంకా" అనే మాట చేరిస్తేనే మొదటి భావం స్థిరపడుతుంది. పొరపాటున "వేసుకోదు" అని రాస్తే ఇంకో ప్రమాదం: ఆమె ఎప్పుడూ వేసుకోదని, మొండికేస్తోందని అర్థం వస్తుంది. పైగా పరాయివాళ్లు తల్లిని అలా అంటే కొడుక్కి కోపం వస్తుంది.

రెండో వాక్యంలో "మనం" కూడా తప్పే. "మనం" అంటే వినేవాడు కూడా అందులో ఉన్నట్టు. వచ్చేది కార్యకర్తలు కాబట్టి "మేము" అనాలి. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఈ తేడా లేదు. గుజరాతీలో ఉంది: "అమే" అంటే మేము, "ఆపణే" అంటే మనం. అందువల్ల సూరత్‌లో ఇదే సందేశం హిందీ మీదుగా వస్తే ఈ తేడా జారిపోవచ్చు, గుజరాతీ మీదుగా వస్తే నిలబడే అవకాశం ఎక్కువ. "వేసుకోలేదు" విషయంలో మాత్రం గుజరాతీ కూడా ఆదుకోదు. చేతకాదని చెప్పడానికి గుజరాతీ, హిందీ రెంటిలోనూ వేరే క్రియ ఉంది. కాబట్టి ఆ భాషల్లో ఆలోచించే అధికారికి తెలుగులో ఇలాంటి చిక్కు ఉంటుందన్న అనుమానమే రాదు.

ఇప్పుడు పరీక్షల సంగతికి వద్దాం. ఆరోగ్య సర్వేల్లో ఎక్కువగా నమ్మేది తిరుగు అనువాదం. తెలుగు వాక్యాన్ని మరొకరితో మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి, మూలంతో పోలుస్తారు. మన సందేశాన్ని ఇలా పరీక్షిస్తే దాదాపు మూలమే తిరిగి వస్తుంది. "అమ్మ", "అమ్మగారు" రెండూ "మదర్" అవుతాయి. "మనం", "మేము" రెండూ "వియ్" అవుతాయి. "తీసుకోలేదు" మళ్లీ "టేకెన్" అవుతుంది. తప్పులన్నీ ఇంగ్లీషులోకి వెళ్లగానే మాయమవుతాయి. చూడలేని కంటితో చూసి అంతా బాగుందని చెప్పినట్టు ఉంటుంది.

యంత్రానువాదాన్ని కొలిచే లెక్కలదీ ఇదే కథ. ఐబీఎం పరిశోధకులు 2002లో ప్రకటించిన "బ్లూ" అనే కొలమానం, అనువాదంలోని పదాలు, పదబంధాలు ఆదర్శ అనువాదంతో ఎంతవరకు కలిశాయో లెక్కిస్తుంది. "మాత్ర" బదులు "గోలి" అంటే ఒక పదం తప్పు. "వేసుకోలేదు" బదులు "వేసుకోలేరు" అన్నా ఒక పదం తప్పే. మొదటిది అసలు తప్పు కాదు. రెండోది రోగి పరిస్థితినే మార్చేస్తుంది. లెక్కలో మాత్రం రెంటికీ దాదాపు ఒకే శిక్ష.

అందుకే పరీక్ష తెలుగులోనే, తెలుగు చదివేవారితోనే జరగాలి. మూల వాక్యంతో పాటు ఎవరు, ఎవరికి, ఎవరి గురించి, ఏ సమయంలో చెబుతున్నారో అనువాదకుడికి రాసి ఇవ్వాలి. "యువర్ మదర్" అన్న మాటలో ఇవేవీ లేవు. తర్వాత ఆ ఇళ్లలోని వారికే సందేశం చూపి, "అర్థమైందా" అని కాకుండా నేరుగా ప్రశ్నలు వేయాలి. మాత్రలు ఇంట్లో ఉన్నాయా? ఈరోజు వేసుకునే వ్యవధి ఇంకా ఉందా? రేపు ఎవరు ఎవరి ఇంటికి వస్తారు? ఇలా మీ ఇంటికి వచ్చి ఎవరైనా అంటే మీకు ఎలా ఉంటుంది? జవాబులు వేర్వేరుగా వస్తే లోపం వాక్యంలో ఉన్నట్టే.

అనుమానం ఉన్నచోట ఇంకో చిన్న ఉపాయం ఉంది. "అమ్మ" తీసేసి "నాన్న" పెట్టి వాక్యం చెప్పమనండి. చదివినవారు "నాన్న వేసుకోలేడు" అంటే వారికి చేతకాదన్న అర్థం తగిలింది. "నాన్న వేసుకోలేదు" అంటే జరగలేదన్న అర్థం తగిలింది. దీనికి పరికరాలు అక్కర్లేదు, ఒక నిమిషం చాలు.

ప్రతి కరపత్రానికీ ఇంత శ్రమ ఎలా పడతామని అడగవచ్చు. అన్నింటికీ అక్కర్లేదు. చదివినవారు వెంటనే ఏదో ఒకటి చేయవలసిన వాక్యాలకు చాలు. వాటిలోనూ "లేదు", "మనం", ఇంటి మనుషుల ప్రస్తావన ఉన్నవాటిని ముందు చూస్తే సరిపోతుంది. మన సందేశం అప్పుడు ఇలా ఉంటుంది: "మీ అమ్మగారు ఈరోజు మాత్ర ఇంకా వేసుకోలేదు. మేము రేపు మీ ఇంటికి వస్తాం."