నిద్రలో శ్వాస లెక్కపెట్టండి

‘‘కుతికెల బొక్క ఇరికినట్టుంది సార్, రాత్రంతా ఒకటే దగ్గు.’’ చిన్న కుక్కను చంకన పెట్టుకుని పశువుల దవాఖానకు వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. నోరు తెరిచి చూస్తే గొంతులో బొక్క ఉండదు. దగ్గు మందు సీసాతో ఇంటికి పోతారు. ఎనిమిదేళ్లు దాటిన పామేరియన్, పగ్, డాక్స్‌హుండ్, షిట్జు లాంటి కుక్క అలా దగ్గుతుంటే గొంతుతో పాటు గుండెనూ చూడాలి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియక జరిగే ఆలస్యమే చాలా కుక్కల ప్రాణం తీస్తోంది.

కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఇళ్లలో పెంచే చిన్న కుక్కల్లో ‘పామ్’ అని పిలిచే తెల్ల బొచ్చు కుక్కలు చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. మన ఎండకూ మన తిండికీ అలవాటు పడ్డ ఈ కుక్కలు బాగా చూసుకుంటే పన్నెండేళ్లు, పద్నాలుగేళ్లు బతుకుతాయి. చిన్న జాతుల్లో గుండె జబ్బు బయటపడేది సరిగ్గా ఆ ముదిమిలోనే.

గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య మైట్రల్ కవాటం ఉంటుంది. తలుపు రెక్కల్లా తెరుచుకుని మూసుకునే ఆ పొరలు వయసుతో మందమై, అంచులు ముడుచుకుపోతాయి. అప్పుడు సరిగా మూసుకోవు. కింది గది నొక్కుకున్నప్పుడల్లా కొంత రక్తం వెనక్కి, పై గదిలోకి చిమ్ముతుంది. ఎడమ మోచేయి వెనక ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే ‘లబ్, డబ్’ల మధ్య ‘స్‌స్’ అనే చప్పుడు వినిపించేది అందుకే. దాన్నే మర్మర్ అంటారు. ఎంత గట్టిగా వినిపిస్తుందన్న దాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు వరకు గ్రేడు వేస్తారు.

మర్మర్ వినిపించిందంటే గుండె ఓడిపోయిందని కాదు. మర్మర్‌తోనే ఏళ్ల తరబడి హాయిగా బతికి, చివరికి వేరే కారణంతో పోయే కుక్కలు చాలా ఉన్నాయి. కొన్నింటిలో మాత్రం కారే రక్తం పెరిగి పై గది ఉబ్బుతుంది. ఆ గదికి సరిగ్గా పైన ఊపిరితిత్తికి పోయే పెద్ద గాలి గొట్టం ఉంటుంది. ఉబ్బిన గది దాన్ని ఒత్తితే దగ్గు వస్తుంది. ఇంకా ముదిరితే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ అంటే అదీ. అంటే దగ్గు ఊపిరితిత్తుల్లో నీరు చేరకముందే రావొచ్చు, నీరు చేరినా రాకపోవచ్చు. దగ్గును నమ్ముకుని కూర్చుంటే మోసపోతాం.

దానికి తోడు పామేరియన్లలో శ్వాసనాళం మెత్తబడి కుంగే జబ్బు కూడా ఉంది. బాతు అరిచినట్టు పొడిగా, ఉత్సాహంగా ఎగిరినప్పుడో మెడకు పట్టా లాగినప్పుడో వచ్చే దగ్గు ఎక్కువగా అదే. ఒకే కుక్కకు రెండూ ఉండొచ్చు. దగ్గుతున్న కుక్క గుండె నెమ్మదిగా, శ్వాసతో పాటు హెచ్చుతగ్గులవుతూ కొట్టుకుంటుంటే ఊపిరితిత్తుల్లో నీరు ఉండే అవకాశం తక్కువని, విరామం లేకుండా వేగంగా కొట్టుకుంటుంటే అనుమానించాలని అనుభవమున్న డాక్టరుకు తెలుసు.

ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న పరీక్ష ఇంకోటి ఉంది. పైసా ఖర్చు లేదు. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు, చల్లని వేళ, దాని పక్కటెముకలను చూడండి. ఛాతీ పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. ఫోనులో అర నిమిషం పెట్టుకుని లెక్కించి రెండుతో హెచ్చవేయండి. కలగంటూ కాళ్లు కదిలిస్తున్నప్పుడు, ఎండకు నాలుక చాపి రొప్పుతున్నప్పుడు లెక్కించొద్దు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నిమిషానికి ముప్ఫై లోపే శ్వాస తీస్తుంది. చాలావాటికి పదిహేను, పాతిక మధ్యలో ఉంటుంది. కొన్నాళ్లు రాసిపెట్టుకుంటే మీ కుక్క మామూలు లెక్క ఎంతో మీకే తెలుస్తుంది. ముప్ఫై దాటి, గంట తర్వాత చూసినా అలాగే ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

ఈ జబ్బు దారి ఎలా ఉంటుందో చూడటానికి, ఎల్లారెడ్డిలో ఒక ఇంట్లో పదేళ్ల పామ్ ఉందనుకుందాం. బరువు ఆరు కిలోలు. రేబిస్ టీకాకు తీసుకెళ్తే డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, నాలుగో గ్రేడు మర్మర్ ఉందన్నారు. కుక్క మాత్రం తింటోంది, తిరుగుతోంది. ఇక్కడే చాలామంది ‘‘మంచిగనే ఉంది కదా’’ అని ఇంటికి పోతారు. పోకూడదు. గుండె పెరిగిందా లేదా అన్నది ఇప్పుడు తేలాలి. అసలు పరీక్ష ఎకో. అందుకు సాధారణంగా హైదరాబాద్ పోవాలి. కామారెడ్డి నుంచే అది నూరు కిలోమీటర్ల పైమాట. ఎకో వీలుకాని చోట ఎక్స్‌రేతోనూ నిర్ణయించొచ్చు. ఛాతీ ఎక్స్‌రేలో గుండె పొడవు, వెడల్పు కొలిచి, ఆ రెండూ కలిపి ఎన్ని వెన్నుపూసలకు సమానమో లెక్కిస్తారు. మామూలుగా పదిన్నర లోపు ఉండాలి. గట్టి మర్మర్‌తో పాటు అది పదకొండున్నర లేదా అంతకు మించితే, ఎకో లేకపోయినా మందు మొదలుపెట్టొచ్చని అమెరికా పశువైద్య నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన లాంటి ఊళ్లకు ఇది చాలా విలువైన వెసులుబాటు.

మన పామ్ ఎక్స్‌రేలో ఆ కొలత పదకొండున్నర వచ్చింది. అంటే లక్షణాలు లేవు గానీ గుండె పెరిగింది. ఈ దశలో పనిచేసే మందు పిమోబెండాన్. గుండె కండరానికి బలాన్నిచ్చి, రక్తనాళాలను సడలిస్తుంది. సరిగ్గా ఇలాంటి 360 కుక్కల మీద చేసిన ‘ఎపిక్’ పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. మందు వేసుకున్న కుక్కల్లో హార్ట్ ఫెయిల్యూర్ సుమారు 15 నెలలు ఆలస్యంగా వచ్చింది. కుక్క ఆయుష్షులో 15 నెలలు చిన్న సంగతి కాదు. ఆరు కిలోల కుక్కకు సాధారణంగా 1.25 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండికి గంట ముందు. గుండె పెరగని కుక్కకు ఈ మందు అక్కర్లేదు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. అందుకే ముందు కొలవాలి.

ఏడాదిన్నర గడిచిందనుకోండి. రాత్రిపూట ఇరవై ఉండే శ్వాస ఒక వారంలో ఇరవై ఆరు, ముప్ఫై నాలుగు, ముప్ఫై ఎనిమిది అయ్యింది. పడుకోలేక మోచేతులు దూరంగా పెట్టి, మెడ చాచి కూర్చుంటోంది. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోందన్నమాట. చిగుళ్లు నీలంగా మారినా, నాలుక వేలాడేసి పొట్టతో గాలి లాగుతున్నా అది అత్యవసరం. దవాఖానలో ఆక్సిజన్ పెట్టి, ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇస్తారు. మనుషుల మందుల షాపులో లాసిక్స్ పేరుతో దొరికేది అదే. కిలోకు రెండు మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, శ్వాస తగ్గేదాకా మళ్లీ ఇస్తారు. నిలకడపడ్డాక మాత్రలు. ఆరు కిలోల కుక్కకు నలభై మిల్లీగ్రాముల మాత్రలో పావు, రోజుకు రెండుసార్లు అన్నది తరచుగా మొదలుపెట్టే మోతాదు. దానితో పాటు పిమోబెండాన్, ఎనలాప్రిల్ లేదా బెనాజెప్రిల్, స్పైరోనోలాక్టోన్ నడుస్తాయి. వారం, రెండు వారాల్లో రక్తం తీసి క్రియాటినిన్, పొటాషియం చూడాలి. నీటిని తీసే మందు కిడ్నీల మీద భారం వేస్తుంది కాబట్టి. మోతాదు తేల్చేది డాక్టరే. నా లెక్కలు చూసి ఎవరూ సొంతంగా వేయొద్దు.

మన దగ్గర జరిగే పొరపాట్లు మూడు చెప్పాలి. మొదటిది సెలైన్. నీరసంగా ఉన్న కుక్కకు ‘‘ఒక బాటిల్ ఎక్కించండి డాక్టర్ సాబ్’’ అని ఇంటివాళ్లే పట్టుబడతారు. ఊపిరితిత్తుల్లో ఇప్పటికే నీరున్న కుక్కకు ఆ బాటిల్ ప్రాణాంతకం. రెండోది మనుషుల నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఎలాగూ కుక్కకు విషం. లాసిక్స్ వాడుతున్న కుక్కకైతే కిడ్నీలు త్వరగా పోతాయి. మూడోది మందు ఆపేయడం. రాత్రి దొడ్లో, గదిలో ఉచ్చ పోస్తోందని లాసిక్స్ ఆపుతారు, లేదా నీళ్ల గిన్నె ఎత్తేస్తారు. రెండూ చేయకూడదు. నీళ్లు ఎప్పుడూ ముందర ఉండాలి. బయటికి ఎక్కువసార్లు తిప్పాలి.

తిండి విషయంలో పచ్చడన్నం, అప్పడాలు, చిప్స్ మానిపించాలి. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, అన్నం పెట్టొచ్చు. పథ్యం పేరుతో కడుపు మాడ్చొద్దు. ఈ జబ్బులో కండ కరిగిపోవడం మంచిది కాదు.

ఎంత చేసినా ఈ జబ్బు నయమయ్యేది కాదు. పాడైన కవాటానికి ఆపరేషన్ చేసే బృందాలు జపాన్ లాంటి కొన్ని దేశాల్లోనే ఉన్నాయి, ఖర్చు లక్షల్లో. మనకున్నది మందులే. నీరు దిగాక పిమోబెండాన్ ఇచ్చిన కుక్కలు, బెనాజెప్రిల్ ఇచ్చిన కుక్కలు గుండె జబ్బుతో పోకుండా, చికిత్స విఫలం కాకుండా ఎంతకాలం నిలిచాయో 2008లో వచ్చిన ‘క్వెస్ట్’ పరీక్ష పోల్చింది. మొదటి గుంపులో సగం కుక్కలు 267 రోజులు దాటాయి, రెండో గుంపులో 140. ఏడాది దాటి బతికేవీ ఉంటాయి. చివరి రోజుల్లో మందులకు లొంగని ఆయాసం వస్తే, బాధ లేకుండా సాగనంపడం గురించి డాక్టరుతో మాట్లాడటంలో తప్పు లేదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పశువైద్యులకు నా విన్నపం ఒక్కటే. ఏడేళ్లు దాటిన చిన్న కుక్క రేబిస్ టీకాకు వచ్చిన ప్రతిసారీ ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు పెట్టి వినండి, మర్మర్ ఉంటే గ్రేడుతో సహా టీకా కార్డు మీద రాయండి. పెంచేవాళ్లకు చెప్పేది అంతకంటే తేలిక. డాక్టరు వినకపోతే మీరే అడగండి. ఈ రాత్రి కుక్క పడుకున్నాక అర నిమిషం లెక్కపెట్టి, ఆ అంకె టీకా కార్డు వెనక రాసిపెట్టండి.