ఎనిమిదో నెలలో రాసుకున్న కాగితం

కాన్పయ్యాక నిద్ర చాలకపోవడం మామూలే. కానీ బిడ్డ హాయిగా పడుకున్నా తల్లికి కన్ను మూత పడకపోతే? పైగా అలసటే లేనట్టు గలగలా మాట్లాడుతూ తిరుగుతుంటే? అది వేరే సంగతి. పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ చాలామందిలో అలాగే మొదలవుతుంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. వస్తే గంటల్లో ముదురుతుంది.

బైపోలార్ ఉన్నవాళ్ళకి ముప్పు బాగా ఎక్కువ. ముందు కాన్పులో ఇది వచ్చినవాళ్ళలోనైతే దాదాపు సగం మందికి మళ్ళీ వస్తుంది. మా పెద్దమ్మ కూతురికి అలా ఒకసారి వచ్చింది. అక్క పుట్టిల్లు పుల్లలచెరువు, అత్తిల్లు ఒంగోలు. మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చినప్పుడు నాలుగో రోజు నుంచి నిద్ర లేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. బావ రావాలి, అత్తగారిని అడగాలి అనుకుంటూనే మూడు రోజులు పోయాయి. ఆసుపత్రికి చేరేసరికి అక్క కన్నతల్లినే గుర్తుపట్టలేదు.

అందుకే రెండోసారి ఎనిమిదో నెలలో కాన్పు డాక్టరమ్మ, మానసిక వైద్యుడు, అక్క, బావ, పెద్దమ్మ కలిసి కూర్చుని ఒక కాగితం రాశారు. బ్రిటన్ డాక్టర్లు కూడా సుమారు 32 వారాలకే ఇలా కూర్చోమంటారు. జబ్బు వచ్చాక తల్లి తనకు జబ్బుందని ఒప్పుకోదు. కాబట్టి బాగున్నప్పుడే ఆమె మాట తీసుకోవాలి.

మొదటి గొడవ పురుడు దగ్గరే వచ్చింది. ‘పుట్టింటికి పంపకపోతే నలుగురూ ఏమనుకుంటారయ్యా’ అంది పెద్దమ్మ. డాక్టర్ మాత్రం మొదటి పదిహేను రోజులూ ఒంగోలు దాటొద్దన్నాడు. పుల్లలచెరువు నుంచి అర్ధరాత్రి బయల్దేరితే గంటల ప్రయాణం మరి. చివరికి పెద్దమ్మే ఒంగోలు వచ్చేట్టు తేలింది.

రెండోది మందులు. సోడియం వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. అలాగని ఏ మందూ సొంతంగా ఆపకూడదు, ఆపినా జబ్బు తిరగబెడుతుంది. కాన్పు రోజునే ఏ మందు మొదలుపెట్టాలి, అది వాడుతూ పాలివ్వొచ్చా అన్నది ముందే రాసుకున్నారు.

మూడోది నిద్ర. రాత్రి పది నుంచి మూడు దాకా బిడ్డ పెద్దమ్మ దగ్గర, పాలు పితికి పెట్టినవి. అక్క ఎన్ని గంటలు పడుకుందో రోజూ నోటుబుక్కులో రాయాలి. బిడ్డ పడుకున్నా అక్క మూడు గంటలకన్నా తక్కువ నిద్రపోతే, తెల్లారగానే డాక్టర్‌కి ఫోన్. లేని మాటలు వినిపించినా, ఇంట్లోవాళ్ళని అనుమానించినా, బిడ్డ గురించి వింతగా మాట్లాడినా ఎవరినీ అడక్కుండా బయల్దేరాలి. బిడ్డను అక్క దగ్గర ఒంటరిగా వదలకూడదు. బండి ఎవరిది, లేకపోతే 108, ఏ ఆసుపత్రి, పెద్దపిల్లను ఎవరు చూసుకుంటారు, అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. దాని ఫొటో నా ఫోన్‌తో కలిపి ఐదు ఫోన్లలో ఉంది.

ఆరో రాత్రి అక్క రెండు గంటలే పడుకుంది. ‘ఏందమ్మా, పిల్ల పడుకుంది గదా’ అంటే, ‘నాకు నిద్రతో పనిలేదమ్మా, ఈ పిల్ల మామూలు పిల్ల కాదు’ అంది నవ్వుతూ. పెద్దమ్మ వాదించలేదు. బావని లేపింది. అరగంటలో ఆసుపత్రిలో ఉన్నారు.

అక్కడ ముందు బీపీ, జ్వరం చూసి, రక్తపరీక్ష చేశారు. బాలింత తికమకగా మాట్లాడడానికి ఇన్ఫెక్షన్, గుర్రపువాతం, మెదడు నరాల్లో గడ్డకట్టిన రక్తం కూడా కారణం కావచ్చు. తాయెత్తు కన్నా ముందు ఆసుపత్రి అనేది ఇందుకే. ఆ తర్వాత మందు మోతాదు పెంచి చేర్చుకున్నారు. బిడ్డ కూడా తల్లితోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మూడేళ్ళలోపు బిడ్డను ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదు. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టర్ అనుకుంటేనే మినహాయింపు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల కోసం ప్రత్యేక వార్డే ఉంది.

ఈసారి అక్క పన్నెండో రోజుకి ఇంటికొచ్చింది. మొదటిసారి రెండు నెలలు పట్టింది. కాగితం జబ్బును ఆపలేదు, ఆ మూడు రోజుల ఆలస్యాన్ని ఆపింది.

అయితే ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి ముందు ఏ మానసిక జబ్బూ ఉండదు. వాళ్ళ దగ్గర ఇలాంటి కాగితం ఉండదు. మీ ఇంట్లో బాలింత ఉంటే ‘పాప పడుకుందా’ అని అడిగాక, ‘నువ్వు పడుకున్నావా’ అని కూడా అడగండి. అనుమానం వస్తే 14416కి చేయండి, టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. మాటలు తేడాగా ఉంటే మాత్రం ఫోన్లతో ఆగొద్దు, బండెక్కించండి.