అర్జీ ఏ భాషలో రాయాలి? ముందు అది ఎవరి బల్ల మీదికి వెళ్తుందో చూడండి

"అన్నా, అర్జీ ఇంగ్లీషులో రాస్తేనే ఆఫీసులో పట్టించుకుంటారంట కదా?" గోదావరి ఏజెన్సీలో డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. తెలుగులో రాస్తే "ఊరోళ్ల కాగితం" అని పక్కన పడేస్తారని, ఇంగ్లీషులో టైపు చేయిస్తే భయపడతారని ఒక నమ్మకం. ఈ నమ్మకంతో రాజమండ్రి వెళ్లి, జంగారెడ్డిగూడెం వెళ్లి, జిరాక్సు షాపుల్లో పేజీకి ఇంత అని ఇచ్చి ఇంగ్లీషు అర్జీలు టైపు చేయించుకుంటున్నారు. ఆ కాగితంలో ఏముందో సంతకం పెట్టిన మనిషికి తెలీదు.

నా మాట ముందే చెప్పేస్తాను. అసలు అర్జీ తెలుగులోనే ఉండాలి, వేలిముద్రయినా సంతకమైనా దాని మీదే పడాలి. ఫైలు జిల్లా దాటి పైకి వెళ్లేదయితే ఇంగ్లీషు ప్రతి తోడుగా పెట్టాలి. ఎందుకో చెప్పాలంటే, కాగితం ఆఫీసులోకి వెళ్లాక దానికి ఏమవుతుందో చూడాలి.

హక్కు సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. తెలుగును రాష్ట్ర అధికార భాషగా చేసిన చట్టం 1966లోనే వచ్చింది. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, తన కష్టం చెప్పుకోవడానికి ఎవరైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. కాబట్టి "తెలుగులో తీసుకోము" అనే అధికారం ఏ కౌంటరుకూ లేదు. ఇబ్బంది తీసుకోవడం దగ్గర రాదు, తీసుకున్న తర్వాత వస్తుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. బుట్టాయగూడెం మండలంలో ఒక కోయ కుటుంబం. తాత కాలంలో 2 ఎకరాల 40 సెంట్లు ఒక గిరిజనేతరుడికి కౌలుకి ఇచ్చారు. కౌలు ఆగింది, భూమి మాత్రం తిరిగి రాలేదు. ఇది 1959 నాటి 1వ రెగ్యులేషన్ కింద, అంటే మనం ఎల్‌టీఆర్ అని పిలిచే చట్టం కింద వచ్చే కేసు. 1970లో దాన్ని సవరించి గట్టి చేశారు. ఈ కేసు విని, ఆ మనిషిని ఖాళీ చేయించమని ఉత్తర్వు ఇవ్వాల్సింది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్. పాత పశ్చిమ గోదావరి ఏజెన్సీకి ఆ ఆఫీసు కోట రామచంద్రపురంలో ఉంది.

ఆ కుటుంబం మూడు పేజీల అర్జీ తెలుగులో రాసి సోమవారం గ్రీవెన్సులో ఇచ్చింది. తాత ముత్తాతల కథ, పడ్డ బాధలు, చివర "కావున తమరు దయతలచి మాకు న్యాయం చేయవలసిందిగా ప్రార్థన" అని. కౌంటరు దగ్గర కుర్రాడికి వెనకాల ఇంకా వంద మంది లైనులో ఉన్నారు. మూడు పేజీలూ స్కాన్ చేస్తాడు కానీ చదవడు. కంప్యూటర్లో ఒక శాఖ పేరు ఎంచుకుని, ఒక్క లైను కొడతాడు: "భూమి సమస్య పరిష్కరించమని కోరుతున్నారు." అక్కడి నుంచి కదిలేది ఆ ఒక్క లైనే. శాఖ "రెవెన్యూ" అని పడింది కాబట్టి తహసీల్దారుకి వెళ్తుంది, ఆయన "తగు చర్య నిమిత్తం" అని వీఆర్వోకి పంపుతాడు. వీఆర్వో "ఇది సివిల్ తగాదా, కోర్టును ఆశ్రయించమని అర్జీదారునికి తెలియజేయడమైనది" అని రాస్తాడు. అర్జీ పరిష్కారమైనట్టు ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఎల్‌టీఆర్ అనే మాట ఎక్కడా రాలేదు. ఆ అర్జీ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందుకే వెళ్లలేదు.

దీన్ని చూసి "చూశారా, తెలుగులో రాస్తే ఇంతే" అంటారు. సరే, అదే కుటుంబం ఇంగ్లీషులో టైపు చేయించిందనుకోండి. "మా తాత భూమి ఇచ్చాడు, వాళ్లు ఆక్రమించుకున్నారు" అని షాపులో చెప్పారు. టైపు చేసే అతను "ఇచ్చాడు" అన్నదాన్ని దానంగానో అమ్మకంగానో మార్చాడు. "ఆక్రమించుకున్నారు" అన్నదాన్ని "ఎన్‌క్రోచ్‌మెంట్" అన్నాడు. రెవెన్యూ ఆఫీసుల్లో ఆ మాట వినగానే గుర్తొచ్చేది ప్రభుత్వ భూమి ఆక్రమణ. ఫైలు ఇంకో దారి పట్టింది. పైగా ఎల్‌టీఆర్‌లో "బదలాయింపు" అంటే అమ్మకం ఒక్కటే కాదు. కౌలు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. గిరిజనేతరుడికి కౌలుకిచ్చినా అది చెల్లదు. "కౌలుకి ఇచ్చాం" అనే నిజాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, అదే కేసు.

తర్వాత విచారణ వస్తుంది. అక్కడంతా తెలుగే. అడంగల్ తెలుగులో, పంచనామా తెలుగులో, వాంగ్మూలం తెలుగులో. అవతలి లాయరు లేచి అడుగుతాడు: "అర్జీలో మీ తాత అమ్మాడని రాశావు, ఇప్పుడు కౌలంటున్నావు, ఏది నిజం?" ఆ మనిషి తన అర్జీని తానే చదువుకోలేడు. ఆ కాగితం ఆయనకే ఎదురుసాక్షి అయి కూర్చుంది. ఇంగ్లీషు అర్జీలో పెద్ద ప్రమాదం ఇదే. "నీకు ఇంగ్లీషు రాదు కదా, ఇది ఎవరు రాసిచ్చారు?" అని మొదలుపెట్టి, మన గోడును "బయటివాళ్లు ఎగదోసిన గొడవ"గా మార్చడానికి కూడా అదే కాగితం పనికొస్తుంది.

అయితే ఇంగ్లీషు కాగితం కొన్నిసార్లు త్వరగా కదులుతుందనే మాట పూర్తిగా అబద్ధం కాదు. ఎందుకు కదులుతుందో చూడాలి. భయపడి కాదు. జిల్లా ఆఫీసుల్లో, పై ఆఫీసుల్లో సెక్షన్ అసిస్టెంట్ ఫైలు మీద నోటు రాసి పెడతాడు, ఆ నోటు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. మన మూడు పేజీల తెలుగును ఆయన ఇంగ్లీషులో రెండు లైన్లు చేయాలి. ఇంగ్లీషు అర్జీ అయితే అందులోంచి రెండు లైన్లు ఎత్తి రాసేస్తాడు. పని తేలిక. పై అధికారి చదివేది ఆ నోటునే, మన అర్జీని కాదు.

అంటే మన భూమి కథ ఆ రెండు లైన్లలోకి కుదించుకుపోతోంది. ఆ రెండు లైన్లు ఇంకొకరు ఎందుకు రాయాలి? మనమే రాసిద్దాం.

అర్జీ పైన "విషయం" అనే చోట "భూమి సమస్య గురించి" అని రాయకండి. ఇలా రాయండి: "1959 నాటి 1వ రెగ్యులేషన్ కింద ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని 2 ఎకరాల 40 సెంట్ల భూమి నుంచి గిరిజనేతరుడిని ఖాళీ చేయించి మాకు అప్పగించమని అర్జీ." కౌంటరు కుర్రాడు ఆ ఒక్క లైను కొట్టినా చాలు, అది ఏ ఆఫీసుకి వెళ్లాలో అందులోనే ఉంది. పై వరసలో "స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ గారికి" అని ఉండాలి. కుదిరితే నేరుగా ఆ ఆఫీసు తపాలులో ఇచ్చి, మన ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోవాలి. ఒళ్లో ఒక పేజీ చాలు: ఎవరం, ఏ భూమి, ఎప్పుడు ఎలా చేయి మారింది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఏం చేయమంటున్నాం. తాతల కథ వాంగ్మూలంలో చెబుదాం. వేలిముద్ర వేసేవాళ్లయితే పైన "చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని వేసిన వేలిముద్ర" అని రాసి, వినిపించినవాళ్లు కూడా సంతకం పెట్టాలి.

మరి ఇంగ్లీషు ఎక్కడ? స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ తీర్పు మీద అప్పీలు, ఆపైన రాష్ట్ర ప్రభుత్వం, ఆపైన హైకోర్టు. ఇలా మెట్లెక్కే కొద్దీ తెలుగు తగ్గిపోతుంది. హైకోర్టులో ఇంగ్లీషే. ఢిల్లీలో జాతీయ ఎస్టీ కమిషన్‌కు రాస్తే అక్కడ తెలుగు చదివే మనిషి కోసం మన కాగితం ఎదురుచూడాల్సి వస్తుంది. అలాంటి చోటికి తెలుగు అర్జీతో పాటు ఇంగ్లీషు ప్రతి పెట్టండి. దాని మీద ఒక వాక్యం ఉండాలి: "ఇది సౌకర్యం కోసం ఇచ్చిన అనువాదం, తేడా వస్తే తెలుగు ప్రతే అసలు." దీన్ని షాపులో చేయించకండి. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు కూర్చుని చేసి, అర్జీదారుకి వాక్యం వాక్యం తిరిగి తెలుగులోనో కోయలోనో చెప్పి సరిచూడాలి. చదువుకున్న మన పిల్లలు చేయగలిగిన పని ఇది.

ఇంగ్లీషు ప్రతిలో ఇంకో గొయ్యి ఉంది, పేర్లు. "కత్తుల" అనే ఇంటిపేరు ఆధార్‌లో రెండు టీలతో ఉంటుంది, రేషన్ కార్డులో టీ హెచ్‌తో ఉంటుంది. తెలుగులో ఒకే మనిషి, ఇంగ్లీషులో ఇద్దరు. కొండరెడ్ల సంగతి మరీ దారుణం. ఎస్టీ జాబితాలో ఆ మాట చివర ఐ అక్షరం ఉంది, టైపు చేసేవాళ్లు అలవాటుగా వై కొడతారు. దాంతో "మీరు రెడ్లు కదా" అనే ప్రశ్న పుట్టుకొస్తుంది. పోలవరం ముంపు ఊళ్లలో పరిహారం జాబితాలు చూసుకునేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. అందుకే ఇంగ్లీషు ప్రతిలో పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, తెగ పేరు కుల ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే, అక్షరం తేడా లేకుండా దించాలి.

ఇచ్చిన తర్వాత నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, తెలుగులోనే. 2005 చట్టం 6(1) సెక్షన్ ఆ ప్రాంత అధికార భాషలో అడగొచ్చని రాతపూర్వకంగా చెబుతోంది. "నా అర్జీ ఏమైంది" అని అడగొద్దు. "ఫలానా తేదీ, ఫలానా నంబరు అర్జీ మీద రాసిన నోట్ ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి. మన భాషను వాళ్లు ఏం చేశారో అప్పుడు కళ్లారా కనపడుతుంది. నోటు ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషులోనే ఇస్తారు, అనువదించి ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ల మీద లేదు. అందులో మీ కేసును తప్పుగా కుదించి ఉంటే, ఆ లైను ఎత్తి చూపి మళ్లీ అర్జీ పెట్టండి. ఈసారి వాదించాల్సింది ఆ లైను మీదే.

చివరిగా ఒక మాట. తెలుగు, తెలుగు అంటున్నాం గానీ, కోయ ఇళ్లలో తెలుగు కూడా నేర్చుకున్న భాషే. 350వ అధికరణ "వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా" అంటోంది, కోయ కూడా వాడుకలో ఉన్న భాషే. మరి కోయలో చెప్పిన మాటను కోయలో విని రాసుకునే మనిషి ఏ తహసీల్దారు ఆఫీసులో కూర్చున్నాడు? తెలుగు మన మెట్టు, ఇంగ్లీషు పై మెట్టు. కింద మెట్టు ఇంకా కట్టలేదు. ఏజెన్సీలో ప్రతి ఐటీడీఏ ఆఫీసులో, ప్రతి ఎల్‌టీఆర్ విచారణలో కోయ తెలిసిన మనిషిని కూర్చోబెట్టాలి. అర్జీ మీద తీసుకున్న నిర్ణయం అర్జీ రాసిన భాషలోనే తిరిగి ఇవ్వాలి. మనం ఏ భాషలో రాయాలన్న ప్రశ్నతో పాటు, వాళ్లు ఏ భాషలో జవాబివ్వాలన్న ప్రశ్న కూడా ఇక మనమే అడగాలి.