ఖామోషీ రజామందీ కాదు, గవాహీ

"ఖామోషీ నీమ్ రజా" అని మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది. నోరు మూసుకుని ఉంటే సగం ఒప్పుకున్నట్టే అని దాని మతలబ్. అమ్మాయి మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకుంది, కోడలు ఎదురు చెప్పలేదు కాబట్టి ఖుష్‌గా ఉంది అంటారు. ఈ మాట ఎంత జూటానో చూపించడానికి నాకు తెలిసిన అన్నింటికన్నా బలమైన సబూత్ ఒక చిన్న అమెరికన్ నాటకం. దాని పేరు 'ట్రైఫిల్స్', అంటే పనికిమాలిన చిన్నచిన్న విషయాలు. సూజన్ గ్లాస్పెల్ రాసింది. 1916లో ప్రావిన్స్‌టౌన్‌లో మొదటిసారి ఆడారు. ఒకటే అంకం, ఒకటే గది. ఆ గది బావర్చీఖానా.

గ్లాస్పెల్ మొదట అఖ్బార్ రిపోర్టర్. 1900 డిసెంబరులో అయోవా రాష్ట్రంలో జాన్ హొసాక్ అనే రైతుని రాత్రి నిద్రలో గొడ్డలితో చంపేశారు. పక్కనే పడుకున్న బీవీ మార్గరెట్ మీద ముకద్దమా నడిచింది. ఆ కేసు వార్తలు రాసింది గ్లాస్పెలే. మొదటి అదాలత్ మార్గరెట్‌ని ముజ్రిమ్ అంది. పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. రెండోసారి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఆ జ్యూరీల్లో ఒక్క ఔరత్ లేదు. అప్పటి అయోవాలో ఆడవాళ్ళకి జ్యూరీలో కూర్చునే హక్ లేదు. రిపోర్టర్లం ఎవరేమన్నారో రాస్తాం, ఎవరు మాట్లాడలేదో రాయం. రిపోర్టులో పట్టని ఆ ఖామోషీకి గ్లాస్పెల్ నాటకంలో జగా ఇచ్చింది.

కహానీ ఇదీ. జాన్ రైట్ అనే రైతు పడకమీద మెడకు తాడు బిగిసి చచ్చిపోయాడు. బీవీ మిన్నీ జైల్లో ఉంది. షెరీఫ్, సర్కారీ వకీల్, పక్క పొలం రైతు హేల్ తహ్కీకాత్ కోసం ఆ ఇంటికి వస్తారు. షెరీఫ్ బీవీ, హేల్ బీవీ వెంట వస్తారు. మిన్నీ బట్టలు తీసుకెళ్ళడం వాళ్ళ పని. మిన్నీ నాటకం మొత్తంలో ఒక్కసారి కూడా స్టేజీ మీదికి రాదు.

ఇప్పుడు ఒక పని చేయండి. డైలాగులు చేత్తో మూసేసి, కుండలీకరణాల్లో ఉన్న రంగ సూచనలు మాత్రం చదవండి. మర్దులు ముందు వస్తారు, నేరుగా పొయ్యి దగ్గరికి పోయి వెచ్చబడతారు. ఔరతులు మెల్లగా వచ్చి, దర్వాజా దగ్గరే ఒకరికొకరు ఆనుకుని నిలబడతారు. ఇంకా ఎవరూ హుకుం ఇవ్వలేదు, గదిలో వెచ్చదనం మాత్రం అప్పుడే తక్సీమ్ అయిపోయింది. ఎవరి బావర్చీఖానాలో ఎవరు చలి కాచుకుంటున్నారు?

తరవాత వకీల్ సాబ్ సింకు కింద ఉన్న గిన్నెల్ని కాలితో తన్ని, మిన్నీకి ఇల్లు సర్దుకోవడం రాదంటాడు. చలికి పగిలిన మురబ్బా సీసాల గురించి ఆడవాళ్ళు బాధపడితే, ఔరతులకి చిన్నచిన్న వాటి మీదే ఫికర్ అని హేల్ నవ్వుతాడు. దానికి ఆ ఇద్దరు ఔరతులు జవాబివ్వరు. రంగ సూచన ఒక్కటే ఉంటుంది: ఒకరికొకరు ఇంకాస్త దగ్గరికి జరుగుతారు. నీమ్ రజా అనేవాళ్ళు ఈ చోట ఆగి చూడాలి. నోరు కదల్లేదు కానీ కాళ్ళు కదిలాయి. వాళ్ళు ఒప్పుకున్నది మర్దుల మాటని కాదు, పక్కనున్న ఔరత్‌ని.

ఇక్కడ సబూత్ ఎవరి కంట పడుతుందో చూడండి. మర్దులు పడకగది, కొట్టం తిరుగుతారు. బావర్చీఖానాలో ఏముంటుందిలే అని వదిలేస్తారు. ఔరతులకి మిన్నీ కుడుతున్న బొంత దొరుకుతుంది. కుట్టంతా నీటుగా ఉంది, చివరి ముక్కలో మాత్రం దారం తాగినవాడి నడకలా పోయింది. మిసెస్ హేల్ ఆ కుట్టు విప్పి, సరిగ్గా కుట్టేస్తుంది. ఆ ఒక్క చేత్తో సగం గవాహీ చెరిగిపోయింది. తరవాత తలుపు విరిగిన పంజరం, దాని తరవాత ఒక అందమైన పెట్టెలో పట్టుగుడ్డలో చుట్టిన పిట్ట. మెడ మెలితిప్పి చంపారు. ఇంట్లో తుపాకీ ఉన్నా షౌహర్ తాడుతో ఎందుకు చచ్చాడో అప్పుడు వాళ్ళకి సమఝ్ అవుతుంది. ఆ ఇంటి ఖామోషీ కూడా సమఝ్ అవుతుంది. జాన్ టెలిఫోన్ వద్దన్నాడు, ఇంట్లో పిల్లల్లేరు, పాడేది ఆ పిట్ట ఒక్కటే. అక్కడ మౌనం మిన్నీ స్వభావం కాదు, జాన్ నడిపిన హుకూమత్.

ఇంతలో వకీల్ తిరిగొచ్చి పిట్ట ఏమైందంటాడు. పిల్లి పట్టుకుపోయిందేమో అని మిసెస్ హేల్ జూట్ చెబుతుంది, బొంత ముక్కలు పెట్టె మీద కప్పుతూ. వకీల్ ధ్యాస ఎక్కడో ఉంది. పోయే ముందు పెట్టె పైనున్న ముక్కల్ని చేత్తో కదుపుతాడు కూడా, కింద ఉన్న పెట్టెని మాత్రం చూడడు. షెరీఫ్ బీవీ కాబట్టి ఈమె కానూన్‌నే నికా చేసుకున్నట్టని తమాషా చేసి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు వచ్చేదే అసలు సీన్. అందులో ఒక్క మాట లేదు. మిసెస్ హేల్ లేచి, చేతులు బిగించి, మిసెస్ పీటర్స్ వైపు చూస్తుంది. ఆమె కళ్ళు మెల్లగా తిరిగి ఈమె కళ్ళని కలుస్తాయి. ఈమె కళ్ళతోనే పెట్టె ఉన్న చోటు చూపిస్తుంది. మిసెస్ పీటర్స్ పెట్టెని సంచిలో పెట్టబోతే పట్టదు. తీద్దామంటే పిట్టని ముట్టుకోలేదు. గడియ తిరిగిన చప్పుడు. మిసెస్ హేల్ పెట్టె లాక్కుని కోటు జేబులో వేస్తుంది. అదే ఫైస్లా, అదే అదాలత్. డైలాగులే చదివేవాళ్ళకి ఇక్కడ ఏమీ జరగలేదు.

కొందరు అడుగుతారు: ఇది సబూత్ దాచడం కదా, ఖత్ల్‌ని మాఫ్ చేయడం కదా? దాచడమే, నేను కాదనను. కానీ ఆ సవాల్‌కి ముందు ఇంకో సవాల్ ఉంది. పిట్టని తీసుకెళ్ళి వకీల్ చేతికిస్తే ఏమయ్యేది? కోపం రావడానికి కారణం దొరికిందని మిన్నీ మెడకే బిగించేవాళ్ళు. ఏళ్ళతరబడి ఆ ఇంట్లో జరిగిన జుల్మ్ మీద ముకద్దమా నడిపే అదాలత్ లేనే లేదు.

ఇటువైపు వాళ్ళకీ ఒక మాట. ప్రతి ఖామోషీనీ బగావత్ అనకండి. రెండూ వేరుచేసి చూసే తరీఖా నాటకంలోనే ఉంది. మర్దుల అడుగులు పైగదిలో వినబడగానే ఔరతుల గొంతు తగ్గుతుంది, అది భయం. మర్దులు బొంత మాట విని నవ్వగానే వాళ్ళు సిగ్గుపడతారు, అది అవమానం. చివర్లో జేబు మీద చెయ్యి ఉంచిన మౌనం మాత్రం ఇరాదా. ఎవరు గదిలోకొస్తే మాట ఆగింది, ఆగినప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి అని చూస్తే చాలు. ఆ ఇరాదాకీ హద్దుంది. మర్దులు ఆ గదిని చిన్నచూపు చూసినంతసేపే అది పనికొస్తుంది. మిన్నీకి ఇన్సాఫ్ దొరికిందో లేదో చెప్పకుండానే పర్దా పడుతుంది.

నికా మాటలప్పుడు, ఆస్తి పంచేటప్పుడు, "ఏమీ అనలేదు కదా" అని సంతకానికి కాగితం ముందుకు జరిపే పెద్దలకి నా సవాల్ ఇదే. అప్పుడు గదిలో ఎవరున్నారు జనాబ్? ఆమె ఎక్కడ నిలబడి ఉంది, పొయ్యి దగ్గరా, దర్వాజా దగ్గరా?