పింఛను 7,500.. నెల ఖర్చు 1,37,900! మొదటి జీతానికి ముందే ఈ లెక్క వేయండి

ఆఫర్‌ లెటర్‌ చేతికి రాగానే కళ్లు వెతికేది సీటీసీ ఎంత, చేతికొచ్చేది ఎంత అనే రెండు అంకెలనే. అందులోనే ‘పీఎఫ్‌’ అని ఒక చిన్న వరుస ఉంటుంది. కోత పడే సొమ్ము కాబట్టి దాన్ని చూసి ముఖం చిట్లించడమే తప్ప, అది 58 ఏళ్ల వయసులో ఏమవుతుందో లెక్క వేసేవాళ్లు తక్కువ. ‘పీఎఫ్‌ ఉందిగా, పింఛను కూడా వస్తుందిగా’ అనే ధీమా చాలామందిలో కనిపిస్తుంది. ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి ఆర్థిక నిపుణులు అక్కర్లేదు. ఎక్సెల్‌ లేదా గూగుల్‌ షీట్స్‌లో పదిహేను గడులు చాలు. ఉద్యోగంలో చేరాక కాదు, ఆఫర్‌ మీద సంతకం పెట్టకముందే ఈ షీట్‌ నింపాలన్నది నా అభిప్రాయం. ఎందుకో మీరే చూడండి.

ముందు ఎనిమిది అంకెలు

23 ఏళ్లకు ప్రైవేటు ఉద్యోగంలో చేరే ఒకమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. బేసిక్‌ నెలకు 15,000 రూపాయలు. కొత్త షీట్‌ తెరిచి, A వరుసలో పేర్లు, B వరుసలో అంకెలు వేసుకుంటూ వెళ్లండి.

B1లో ఇప్పటి వయసు 23. B2లో పదవీ విరమణ వయసు 58. ఉద్యోగుల పింఛను పథకంలో పూర్తి పింఛను మొదలయ్యేది ఆ వయసుకే. B3లో ఎంత వయసు దాకా డబ్బు సరిపోవాలో వేయండి. 85 అనుకుందాం. B4లో రిటైరయ్యాక ఇద్దరు మనుషులున్న ఇల్లు గడవడానికి నెలకు ఎంత కావాలో ఈ రోజు ధరల్లోనే రాయండి. అద్దె, కిరాణా, మందులు, కరెంటు అన్నీ కలిపి 25,000 అనుకుందాం.

B5లో ద్రవ్యోల్బణం 5%. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూఇటూ రెండు శాతం వెసులుబాటు. కాబట్టి 5 అనేది మరీ భయపెట్టేదీ కాదు, మరీ ఆశపెట్టేదీ కాదు. B6లో పీఎఫ్‌ వడ్డీ 8%. 2024-25కు ఈపీఎఫ్‌ఓ ఇచ్చింది 8.25 శాతం. 35 ఏళ్లూ అదే ఉంటుందన్న హామీ లేదు కాబట్టి కాస్త తగ్గించాం. B7లో రిటైరయ్యాక మిగిలిన సొమ్ముపై వచ్చే రాబడి 7%.

ఇక B8లో ఏడాదికి పీఎఫ్‌ ఖాతాలో పడే మొత్తం. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. కంపెనీ వాటా కూడా 1,800. కానీ కంపెనీ వాటాలో 1,250 రూపాయలు పింఛను పథకానికి వెళ్లిపోతాయి. పీఎఫ్‌ ఖాతాలో చేరేది 550 మాత్రమే. రెండూ కలిపితే నెలకు 2,350, ఏడాదికి 28,200. నెలకు 3,600 చొప్పున లెక్క వేసుకుంటే, పింఛను సొమ్మును రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

ఇప్పుడు సూత్రాలు

మిగతా ఏడు గడుల్లో ఇవి యథాతథంగా టైప్‌ చేయండి:

```
B9   =B4*12*(1+B5)^(B2-B1)
B10  =15000*(B2-B1)/70*12
B11  =FV(B6,B2-B1,-B8)
B12  =PV((1+B7)/(1+B5)-1,B3-B2,-B9)
B13  =PV(B7,B3-B2,-B10)
B14  =B12-B13-B11
B15  =B14/(1+B5)^(B2-B1)
```

B9 అంటే 58వ ఏట ఏడాది ఖర్చు. అందులో 16.55 లక్షలు కనిపించాలి. అంటే నెలకు దాదాపు 1,37,900. ఈ రోజు 25,000తో నడిచే ఇల్లే అది, విలాసం పెరిగి కాదు. సూత్రం సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవాలంటే B5లో ఒకసారి 0% వేసి చూడండి. B9 మూడు లక్షలకు రావాలి. రాకపోతే ఎక్కడో బ్రాకెట్‌ తప్పింది. అంకెలు నమ్మశక్యం కానంత పెద్దగా వస్తే, 5% బదులు 5 అని కొట్టారేమో చూసుకోండి.

B10 పింఛను. పథకం సూత్రం సులువైనదే: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. మీ జీతం లక్ష దాటినా ఈ లెక్కకు తీసుకునే జీతానికి 2014 సెప్టెంబరు నుంచి 15,000 పరిమితి ఉంది. 35 ఏళ్లు పనిచేస్తే నెలకు 7,500. ఇరవై ఏళ్ల సర్వీసు నిండి 58కి రిటైరైతే రెండేళ్లు అదనంగా కలుపుతారు. దానివల్ల మరో నాలుగు వందలకు పైగా పెరగొచ్చు. లెక్క తేలికగా ఉండేందుకు దాన్ని వదిలేశాం.

అసలు సంగతి ఈ 7,500ను ఈ రోజు రూపాయల్లోకి మార్చినప్పుడు తెలుస్తుంది. 35 ఏళ్ల తర్వాతి 7,500కు ఇప్పటి విలువ సుమారు 1,360 రూపాయలు. పైగా ఈ పింఛనుకు కరవు భత్యం లేదు. ధరలతో పాటు పెరగదు. అందుకే B12, B13 సూత్రాలు ఒకేలా లేవు. ఖర్చు ఏటేటా పెరుగుతుంది కాబట్టి B12లో రాబడి నుంచి ద్రవ్యోల్బణం ప్రభావాన్ని తీసేశాం. పింఛను పెరగదు కాబట్టి B13లో అలా తీయలేదు.

లోటు ఎంత?

58 నుంచి 85 దాకా ఇల్లు గడవాలంటే రిటైరయ్యే రోజున చేతిలో ఉండాల్సింది, అంటే B12, సుమారు 3.47 కోట్లు. జీవితాంతం వచ్చే పింఛను మొత్తాన్ని ఆ రోజు విలువకు తెస్తే (B13) 10.8 లక్షలు. అవసరంలో మూడు శాతమే. పీఎఫ్‌ నిల్వ (B11) 48.6 లక్షలు. ఈ రెండూ తీసేయగా మిగిలే లోటు, B14, దాదాపు 2.87 కోట్లు.

ఈ అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. అది 35 ఏళ్ల తర్వాతి రూపాయల్లో ఉంది. దాన్ని ఇప్పటి విలువకు మార్చేదే B15. అక్కడ 52 లక్షలు కనిపిస్తుంది. ఈ షీట్‌లో మీరు నమ్మాల్సిన గడి అదే. ద్రవ్యోల్బణాన్ని 4% చేస్తే B14 1.61 కోట్లకు పడిపోతుంది. 6% చేస్తే 4.88 కోట్లకు ఎగబాకుతుంది. అదే సమయంలో B15 మాత్రం 41 లక్షల నుంచి 63 లక్షల మధ్యే తిరుగుతుంది. ‘రిటైర్మెంటుకు ఐదు కోట్లు కావాలి’ అని ఎవరైనా భయపెడితే, ఏ సంవత్సరం రూపాయల్లో చెబుతున్నారో అడగండి.

లోటును మార్చే మీట ఏది?

షీట్‌ అసలు ఉపయోగం ఇక్కడ మొదలవుతుంది. ఒక్కో గడి మార్చి లోటు ఎంత కదులుతుందో చూడాలి. ముందు B10లోని 15000ను 30000 చేయండి. జీత పరిమితిని ప్రభుత్వం రెట్టింపు చేసి, సర్వీసు మొత్తానికీ వర్తింపజేసిందనుకున్నా, లోటు తగ్గేది 10.8 లక్షలే. 2.87 కోట్లలో అదెంత? పింఛను పెరుగుతుందన్న ఆశ మీద ఆధారపడటం ఎందుకు కుదరదో ఈ ఒక్క మార్పు చెప్పేస్తుంది.

ఇప్పుడు B8 సంగతి. మనం 28,200 అనేది 35 ఏళ్లూ మారదని వేశాం. ఇది ఊహాగానం కాదు. చట్టం తప్పనిసరి చేసింది 15,000 జీతం మీద పీఎఫ్‌ మాత్రమే. బేసిక్‌ ఎంత పెరిగినా అక్కడే ఆపేసే కంపెనీలు ఉన్నాయి. అసలు బేసిక్‌ మీద కట్టేవీ ఉన్నాయి. బేసిక్‌ ఏటా 7 శాతం పెరుగుతూ, పీఎఫ్‌ కూడా దాంతోపాటే పెరిగితే 58 నాటికి నిల్వ 48.6 లక్షలు కాదు, దాదాపు 1.52 కోట్లు. లోటు 1.84 కోట్లకు తగ్గుతుంది. ఇప్పటి విలువలో చూస్తే 52 లక్షల లోటు 33 లక్షలైంది. ఆఫర్‌ లెటర్‌లో ఒకే ఒక్క వాక్యం తేడా ఇది.

ఇందులో ఉచితం ఏమీ లేదు. పీఎఫ్‌ పెరిగితే చేతికొచ్చే జీతం తగ్గుతుంది. కంపెనీ వాటా కూడా చాలాచోట్ల సీటీసీలోనే కలిసి ఉంటుంది. అయినా 23 ఏళ్ల వయసులో చేతికొచ్చిన అదనపు సొమ్ము పొదుపు దాకా వెళ్తుందా, ఖర్చులో కలిసిపోతుందా అన్నది నిజాయతీగా ఆలోచించుకోండి. అందుకే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న: ‘పీఎఫ్‌ 15,000 మీద కడతారా, అసలు బేసిక్‌ మీదా?’ జీతం గురించి అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా దీన్ని ధైర్యంగా అడగొచ్చు.

రెండో మీట మీ చేతిలోనే ఉంది. ఐదేళ్లకు ఉద్యోగం మారి, పీఎఫ్‌లో చేరిన 1.65 లక్షలు తీసి బండి కొన్నారనుకోండి. ఆ సొమ్ము కదలకుండా ఉంటే 58 నాటికి 16.6 లక్షలు అయ్యేది. పింఛను సొమ్ము కూడా వెనక్కి తీసుకుంటే సర్వీసు 30 ఏళ్లకు పడిపోతుంది. 7,500 కాస్తా 6,430 అవుతుంది. కనీసం పదేళ్ల సర్వీసు లేకపోతే నెలవారీ పింఛనే రాదు. కాబట్టి కొత్త కంపెనీకి పాత యూఏఎన్‌ నంబరే ఇచ్చి, ఖాతాను బదిలీ చేయించుకోవాలి.

మీ పరిస్థితి వేరైతే..

మొదటి ఉద్యోగంలోనే బేసిక్, కరవు భత్యం కలిపి 15,000 దాటితే మీరు ఈ పింఛను పథకంలోకే రారు. అప్పుడు B10 సున్నా. కంపెనీ వాటా పూర్తిగా పీఎఫ్‌లోకే వెళ్తుంది కాబట్టి B8 పెరుగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చి, 2025 ఏప్రిల్‌ నుంచి అమల్లోకొచ్చిన ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకుంటే లెక్కే మారిపోతుంది. అక్కడ పింఛను ధరలతో పాటు పెరుగుతుంది కాబట్టి B13లోనూ B12లోని రేటునే వాడాలి. సర్కారీ కొలువుకూ ప్రైవేటు కొలువుకూ అసలు తేడా జీతంలో కంటే ఆ ఒక్క గడిలోనే ఎక్కువ.

ఈ షీట్‌ జోస్యం చెప్పదు. పెద్ద జబ్బు, సొంతిల్లు, మధ్యలో ఉద్యోగం లేని ఏళ్లు ఇందులో లేవు. కానీ పీఎఫ్‌తో పాటు ఇంకెంత దాచాలో చెబుతుంది. మన ఉదాహరణలో 2.87 కోట్ల లోటు పూడాలంటే 8 శాతం రాబడితో నెలకు సుమారు 5,830తో మొదలుపెట్టి, ఏటా 7 శాతం పెంచుకుంటూ పోవాలి. 15,000 బేసిక్‌తో మొదటి ఏడాదే అంత దాచడం కష్టం. పీఎఫ్‌ను అసలు బేసిక్‌ మీద కట్టించుకుంటే ఆ మొత్తం 3,740కి దిగుతుంది. రెండు ఆఫర్లు చేతిలో ఉన్నప్పుడు, ఒకదాంట్లో నెలకు వెయ్యి ఎక్కువ కనిపిస్తే, రెండింటి అంకెలూ B8లో వేసి B15 చూడండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.