బొమ్మగా గీస్తే పోలిక పోతుందా?

క్రికెటర్ల డిజిటల్ కార్డులు అమ్మే రారియో, అదే వ్యాపారంలో ఉన్న స్ట్రైకర్‌పై వేసిన దావాలో దిల్లీ హైకోర్టు 2023 ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రారియోతో ఒప్పందం ఉన్న హైదరాబాద్ పేసర్ మహమ్మద్ సిరాజ్‌తో పాటు మరికొందరు ఆటగాళ్లూ ఆ దావాలో వాదులే. స్ట్రైకర్ తన కార్డుల మీద ఫొటోలు వేయలేదు, ఆటగాళ్ల బొమ్మలు గీయించింది. కార్డుల అమ్మకాన్ని ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమేనని, కళ, వ్యంగ్యం వంటివాటికి భావప్రకటన స్వేచ్ఛ రక్షణ ఉంటుందని చెప్పింది. వాడినవి ఫొటోలు కాక కళాత్మక చిత్రాలన్న సంగతినీ పరిగణనలోకి తీసుకుంది.

అప్పటి నుంచి గేమింగ్, ప్రకటనల రంగాల్లో ఒక ధీమా బలపడింది. ఫొటో వాడితే చిక్కు, కార్టూన్ అయితే ఫర్వాలేదు అన్నదే ఆ ధీమా. నిజమైన ముఖాన్ని కార్టూన్ అవతార్‌లోకి ఎలా దించుతారో చూస్తే అది ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

ఈ పని కొత్తగా చేసేవారు ముందుగా ఫొటోనే అవతార్ ముఖానికి అతికిస్తారు. ఫలితం వికారంగా ఉంటుంది. చర్మపు రంధ్రాలు, ముక్కు పక్క నీడ, నుదుటి మీద ఫ్లాష్ మెరుపు అన్నీ బొమ్మ మీదకు వచ్చేస్తాయి. పెద్ద కార్టూన్ కళ్ల చుట్టూ నిజమైన చర్మం కనిపించేసరికి ముసుగు తొడిగినట్టు అనిపిస్తుంది. అనుభవం ఉన్నవారు ఫొటోలోంచి రంగులు, నీడలు తీసుకోరు. కొలతలే తీసుకుంటారు.

మనిషిని గుర్తుపట్టించేది అతని ముఖం సగటు ముఖానికి ఎక్కడ, ఎంత భిన్నంగా ఉందన్నదే. 1980ల్లో సుసాన్ బ్రెన్నన్ రాసిన వ్యంగ్యచిత్రాల ప్రోగ్రామ్ ఈ సూత్రంతోనే పనిచేసింది. సగటుతో తేడాను పట్టుకుని దాన్ని పెంచి గీసేది. అవతార్ తయారీలోనూ అదే జరుగుతుంది, కాకపోతే ఆ తేడాను మరో ప్రపంచపు సగటు మీదకు మోసుకెళ్తారు.

ఒక ఊహా ముఖంతో లెక్క చూద్దాం. రెండు చెంప ఎముకల మధ్య వెడల్పును 100 అనుకుందాం. ఆ కొలతలో సగటు దవడ వెడల్పు 76, ఈ వ్యక్తిది 84. అంటే సగటు కంటే సుమారు 10.5 శాతం ఎక్కువ. గేమ్‌లోని మామూలు అవతార్‌కు గడ్డం సన్నం, దాని దవడ 62 మాత్రమే. అక్కడ నేరుగా 84 పెడితే ఆ గేమ్ శైలే చెడిపోతుంది. అందుకే 62ను 10.5 శాతం పెంచి 68.5 చేస్తారు. బొమ్మలో చిన్న తేడాలు కంటికి ఆనవు కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి దాదాపు 72కు తీసుకెళ్తారు. ముక్కు పొడవుకు, నుదుటి ఎత్తుకు, పెదవుల వెడల్పుకు ఇదే లెక్క వర్తిస్తుంది.

కళ్ల దగ్గర మాత్రం ఈ లెక్క ఆగుతుంది. నిజమైన ముఖంలో ఒక కన్ను ముఖం వెడల్పులో దాదాపు అయిదో వంతు ఉంటుంది. యానిమే తరహా బొమ్మలో మూడో వంతుకు చేరువ కావచ్చు. ఆ సైజును, కనుపాపలోని మెరుపును ముట్టుకోరు. కంటి కొసల వాలు, రెండు కళ్ల మధ్య దూరం, పైరెప్ప మడత మాత్రం వ్యక్తి నుంచి తెస్తారు. అన్నిటికంటే ముఖ్యం కనుబొమలు. ప్రముఖుల ఫొటోల్లో కళ్లు చెరిపినప్పటి కంటే కనుబొమలు చెరిపినప్పుడే జనం గుర్తుపట్టడానికి ఎక్కువ తడబడ్డారని ఎంఐటీ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. కళ్లు పూర్తిగా కార్టూన్‌వే అయినా పోలిక నిలవడానికి ఇదొక కారణం.

తరువాతి చిక్కు ఔట్‌లైన్. చాలా గేముల్లో ముఖం నమూనాకు నకలు తీసి, కొద్దిగా ఉబ్బించి, లోపలి వైపు తిప్పి నల్లరంగు వేస్తారు. అంచుల్లో బయటికి కనిపించేదే మనం చూసే గీత. నిజమైన ముఖంలోని ముక్కుపుటాలు, పెదవి గాడి యథాతథంగా తెస్తే అక్కడా గీతలు పుడతాయి. ఇరవై ఏళ్ల అమ్మాయి నలభై దాటినట్టు కనిపిస్తుంది.

నీడలదీ అదే కథ. ఈ శైలిలో వెలుగు ఒక రంగు, నీడ ఒక రంగు, మధ్య కత్తితో కోసినట్టు హద్దు ఉంటుంది. అసలు ముఖంలోని చిన్న ఎత్తుపల్లాలు ఆ హద్దును ముక్కలు చేసి చెంప మీద మరకల్లా మారుస్తాయి. 2014లో వచ్చిన జపాన్ గేమ్ గిల్టీ గేర్ ఎక్స్‌ఆర్‌డీలో కాంతి ఎటు తగలాలో చెప్పే దిశలను చిత్రకారులు చేత్తో సరిదిద్దింది ఇందుకే. పని కుదిరిందో లేదో చూడటానికి దీపాన్ని తల చుట్టూ తిప్పి చూడాలి. ఆ తర్వాత రంగులు తీసేసి, బొమ్మను గోరంత చేసి, మరో పది అవతార్‌ల మధ్య ఉంచి తెలిసినవారికి చూపించాలి. అప్పుడూ పేరు చెప్పగలిగితే పోలిక కుదిరినట్టే.

అంటే కళ్లు, గీతలు, నీడలు అన్నీ కార్టూన్‌వే అయినా మనిషి అందులో ఉండగలడు. శైలి అతన్ని చెరపదు. చెరపకూడదన్న ఉద్దేశంతోనే ఇంత శ్రమ పడతారు కూడా.

అమెరికా కోర్టులు ఈ తేడాను గేముల విషయంలోనే పరీక్షించాయి. సెగా సంస్థ సృష్టించిన ఉలాలా అనే పాత్ర తనదేనని గాయని కైరిన్ కర్బీ వేసిన దావా 2006లో వీగిపోయింది. కొన్ని పోలికలున్నా శరీరాకృతి, జుట్టు, నృత్యం, అంతరిక్ష విలేకరి వేషం అన్నీ కలిసి మరో మనిషినే చేశాయని కోర్టు భావించింది. బ్యాండ్ హీరో గేమ్‌పై నో డౌట్ సంగీత బృందం వేసిన కేసులో 2011లో వచ్చిన ఫలితం వేరు. అవతార్‌లు సభ్యులకు అచ్చమైన ప్రతిరూపాలేనని, అక్కడా వారు తమకు పేరు తెచ్చిన పనే చేస్తున్నారని, చుట్టూ ఊహా లోకం ఉన్నంత మాత్రాన అది మారదని కోర్టు తేల్చింది. రెండూ కంప్యూటర్ బొమ్మలే. కోర్టులు చూసింది బొమ్మా ఫొటోనా అని కాదు, అందులో ఆ మనిషి ఎంత మిగిలాడని.

మన నిబంధనలు ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నాయి. 2026 ఫిబ్రవరిలో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం కృత్రిమంగా సృష్టించిన దృశ్యాలకు లేబుల్ తప్పనిసరి. అయితే ఆ నిర్వచనంలోకి వచ్చేది నిజమైన మనిషితో తేడా తెలియనంతగా ఉన్న దృశ్యమే. చదునైన రంగులు, నల్లగీతలు ఉన్న అవతార్‌ను చూసి ఎవరూ అసలు మనిషనుకోరు. కానీ అది ఎవరో అందరికీ తెలుస్తుంది. సహవిద్యార్థిని ముఖం కొలతలతో అశ్లీల అవతార్ చేసినవాడు ఈ లేబుల్ నిబంధన దాటి బయటపడతాడు. ఆమెకు ఇతర చట్టాలే దిక్కు.

సిరాజ్ లాంటివారికి దావా వేసే స్తోమతు ఉంది, ఒప్పందాలున్నాయి. వ్యంగ్యచిత్రకారుడికి ఉన్న స్వేచ్ఛ తగ్గకుండానే ఆ విద్యార్థినికీ రక్షణ దొరకాలంటే చట్టం రెండు ప్రశ్నలు అడగాలి. బొమ్మలోని మనిషిని తెలిసినవారు గుర్తుపడుతున్నారా? ఆ పోలికను దేనికి వాడుతున్నారు? పరిహాసానికి వాడటం, సరుకు అమ్మడానికి వాడటం, అవమానించడానికి వాడటం మూడూ ఒకటి కావు. బొమ్మ శైలి ఏదన్నది వీటిలో దేనికీ జవాబు కాదు.